మెయిన్‌కు చేరని సవరణ

మా మొబైల్ టీమ్ అంటే ఇద్దరమే. నేనొకణ్ణి, నాకంటే పన్నెండేళ్లు చిన్నదైన ఒక అమ్మాయి. ప్రొద్దుటూరులో బోరు మోటార్లకు స్టార్టర్ పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీ మాది. ఆ పెట్టెలో ఒక సిమ్ ఉంటుంది. రైతు ఎక్కడున్నా ఫోన్లో మా యాప్ తెరిచి మోటారు వేయొచ్చు, ఆపొచ్చు. పెట్టెలు చేసేవాళ్లు కింద షెడ్డులో పదిమంది ఉండేవారు. మేమిద్దరం పైన రేకుల గదిలో కూర్చుని యాప్ రాసేవాళ్లం. గోడకు మూడు పెట్టెలు బిగించుకుని, వాటిమీదే పరీక్షలు చేసుకునేవాళ్లం.

నేను బెంగళూరులో ఎనిమిదేళ్లు పనిచేశాను. నా భార్యకు జమ్మలమడుగు బడిలో టీచరు ఉద్యోగం రావడంతో ఇటు వచ్చేశాను. రోజూ పొద్దున్నే జమ్మలమడుగులో బస్సెక్కి ప్రొద్దుటూరులో దిగేవాణ్ణి. ఆ అమ్మాయిది ప్రొద్దుటూరే. వాళ్ల నాన్న కువైట్‌లో డ్రైవరు, అమ్మ ఇంట్లోనే మిషను కుట్టేది. ఇంజనీరింగ్ అయిన వెంటనే మా దగ్గర చేరింది. నన్ను అన్నా అని పిలిచేది. చదువు అయిపోయినా చదవడం మానని మనిషి. నేను రాసిన ప్రతి వరుసా చదివేది. చదివి ప్రశ్నలు అడిగేది. ఆ ప్రశ్నలు నాకు విసుగు తెప్పించేవని ఇప్పుడు ఒప్పుకోవాలి.

రెండు వారాలకొకసారి కొత్త వెర్షన్ విడుదల చేసేవాళ్లం. ఆ పద్ధతి పెట్టింది నేనే. మా కోడ్ అంతా గిట్‌లో, అంటే ఎవరు ఏది ఎప్పుడు మార్చారో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్‌లో, ఉండేది. అందులో అసలు కోడ్ ఉండే చోటును మెయిన్ అంటాం. ఎవరు ఏ పని మొదలుపెట్టినా మెయిన్ నుంచి ఒక కొమ్మ చీల్చుకుని, అంటే ఒక బ్రాంచ్ తీసుకుని, అందులో రాసుకోవాలి. పని అయ్యాక ఇంకొకరు చదివి ఒప్పుకుంటేనే అది తిరిగి మెయిన్‌లో కలుస్తుంది. కలపమని అడగడాన్ని పుల్ రిక్వెస్టు అనీ, ఆ చదవడాన్ని రివ్యూ అనీ అంటాం. రెండో వారం సోమవారం మెయిన్ నుంచి విడుదల కోసం ఇంకో బ్రాంచ్ తీసేవాళ్లం. దాన్ని మూడు రోజులు గోడమీది పెట్టెలతో పరీక్షించి గురువారం, రైతులు ఫోన్లోకి దించుకునే యాప్ స్టోర్‌లో పెట్టేవాళ్లం. ఆ మూడు రోజులూ మెయిన్‌లో తర్వాతి విడుదల పని సాగుతూనే ఉండేది.

ఇద్దరే ఉన్నప్పుడు ఇంత పద్ధతి ఎందుకని మా సార్ ఒకసారి అడిగాడు. సార్ అంటే కంపెనీ ఓనరు. పులివెందుల వైపు రైతు కుటుంబంలో పుట్టి, సొంతంగా పెట్టెలు తయారుచేయడం నేర్చుకున్న ఇంజనీరు. ఇద్దరే ఉన్నప్పుడే పద్ధతి ఎక్కువ అవసరం సార్, ఒకడు రాసింది ఇంకొకడు చూడకపోతే చూసేవాడే ఉండడు అని గొప్పగా చెప్పాను. చెప్పడం నాకు బాగా వచ్చు.

ఆ ఏడాది ఎండాకాలం మొదట్లో ఆ అమ్మాయి ఒక పెద్ద పని చేసింది. మోటారు వేసే, ఆపే తెరను మొత్తం మార్చింది. అంతకుముందు ఆ తెర ఇంగ్లీషులో, ఇరుకుగా ఉండేది. ఆమె పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో, కళ్లజోడు లేని రైతుకైనా కనిపించేటట్టు తయారుచేసింది. పాత తెర కోడు మూడేళ్ల కిందట నేను రాసింది. అందులో పనికొచ్చే భాగాలను కొత్త ఫైలులోకి మార్చుకుని, చుట్టూ మిగతాది కొత్తగా రాసింది. పూర్తిచేసి రివ్యూ కోసం నాకు పెట్టింది.

దాదాపు పన్నెండు వందల వరుసలు. చూడగానే నాకు బద్ధకం వేసింది. ఇంత పెద్దది ఒకేసారి పెడతారా, ముక్కలు చేసి పెట్టాల్సింది అనుకున్నాను. ఆ మాట నిజమే. కానీ ఆమెతో అనలేదు, ముక్కలు చేయమనీ చెప్పలేదు. రేపు చూస్తాను, ఎల్లుండి చూస్తాను అంటూ తొమ్మిది రోజులు గడిపేశాను. ఆమె రోజూ మెయిన్‌లో జరిగిన మార్పులను తన బ్రాంచ్‌లోకి తెచ్చుకుంటూ, రెండు చోట్లా మారి గొడవపడిన వరుసలను సరిచేసుకుంటూ కాచుకుంది.

పదో రోజు సోమవారం. పొద్దున విడుదల బ్రాంచ్ తీసేశాం. సాయంత్రం బస్సు టైమవుతుండగా ఆమె నా కుర్చీ దగ్గరికొచ్చి నిలబడింది.

"అన్నా, నా పుల్ రిక్వెస్టు చూస్తాండారా? ఈ రిలీజుకు ఎట్లా పోలేదు. కనీసం పైదానికన్నా పోతే బాగుంటాది."

"చూస్తాండా చూస్తాండా," అన్నాను.

తెరిచి, కిందిదాకా వేలితో జరిపి, ఆమోదిస్తున్నానని మీట నొక్కాను. 'బాగుంది' అని ఒక్క మాట రాశాను. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె ముఖంలో సంతోషం కనిపించింది. తను రాసింది నేను చదివాననే అనుకుంది. పని మెయిన్‌లో కలిసిపోయింది. నేను బస్సుకు పరిగెత్తాను.

ఆ గురువారం పాత తెరతోనే విడుదల వెళ్లింది. తర్వాతి మంగళవారం వల్లూరు వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. ఫోన్లో మోటారు ఆపాడట. తెరమీద 'ఆగింది' అని ఇంగ్లీషులో వచ్చిందట. తోటలోకి పోయి చూస్తే మోటారు తిరుగుతూనే ఉందట. ఆయన పక్కనే ఉన్నాడు కాబట్టి చేత్తో ఆపేశాడు. నష్టం ఏమీ లేదు.

వెతికితే కారణం వెంటనే దొరికింది. రైతు మీట నొక్కగానే ఆ ఆజ్ఞ పెట్టెకు చేరిందా లేదా అని చూడకుండా యాప్ 'ఆగింది' అని చూపిస్తోంది. సిగ్నలు ఉన్నంతకాలం ఏ తేడా కనిపించదు, పెట్టె రెండు సెకన్లలో ఆపేస్తుంది. సిగ్నలు పోతే మాత్రం తెర అబద్ధం చెబుతుంది. మా గదిలో సిగ్నలు ఎప్పుడూ నిండుగా ఉంటుంది కాబట్టి గోడమీది పెట్టెలతో మాకు ఎన్నడూ తెలియలేదు. మూడేళ్ల కిందట ఆ వరుస రాసింది నేనే. తెర చకచకా స్పందించాలని అట్లా రాశాను.

ఆ రోజు ఆ అమ్మాయి సెలవులో ఉంది. వాళ్ల నాన్న కువైట్ నుంచి రెండేళ్ల తర్వాత వస్తున్నాడని ముందే చెప్పింది. ఫోన్ చేస్తే ఇంట్లోంచి చూసి ఉండేది. ఎందుకులే అనుకున్నాను. విడుదల బ్రాంచ్‌లోనే నేరుగా దిద్దాను. పెట్టె నుంచి జవాబు వచ్చేదాకా 'ఆపుతోంది' అనీ, వచ్చాకే 'ఆగింది' అనీ చూపించేటట్టు మార్చాను. ఇంకొకరు చూడకుండా ఏదీ కలవకూడదని గిట్‌లో నేనే పెట్టిన కట్టుబాటును, దాన్ని దాటే హక్కు నా చేతిలోనే ఉంది కాబట్టి, దాటేశాను. సాయంత్రానికి కొత్త వెర్షన్ స్టోర్‌లో పెట్టాను.

ఇక ఒక్క పని మిగిలింది. ఆ సవరణను మెయిన్‌కు కూడా తీసుకుపోవాలి. లేకపోతే మెయిన్ నుంచి తీసే తర్వాతి విడుదలలో అది ఉండదు. ఒక్క మార్పును ఒక బ్రాంచ్ నుంచి ఇంకో బ్రాంచ్‌కు ఎత్తి పెట్టడానికి గిట్‌లో ఆజ్ఞ ఉంది. అది ఇచ్చాను. గిట్ ఆగిపోయింది. నేను దిద్దిన వరుసలు ఉన్న ఫైలు మెయిన్‌లో ఆమె కొత్త తెరతో పూర్తిగా మారిపోయింది కదా, ఈ రెంటిలో ఏది ఉంచాలో నువ్వే చెప్పు అని అడిగింది. చెప్పాలంటే ఆమె రాసిన కొత్త తెరను చదవాలి. నేను చదివినట్టు ఆమోదించిన ఆ తెరను.

గడియారం చూశాను. ఆ ఎత్తి పెట్టే పనిని రద్దు చేసి, రేపు ఆమె వచ్చాక చేయిద్దాం అనుకుని లేచాను. మరుసటిరోజు ఆమె వాళ్ల నాన్న తెచ్చిన ఖర్జూరాలు తెచ్చింది. అందరం తిన్నాం. సవరణ సంగతి నేను మరిచిపోయాను.

మరిచిపోయాను అని రాయడం తేలిక. నిజానికి ఆ వారంలో ఒకటి రెండుసార్లు గుర్తుకొచ్చింది. వచ్చినప్పుడల్లా చేతిలో ఇంకేదో పని ఉండింది.

ఆపై సోమవారం మెయిన్ నుంచి కొత్త విడుదల తీశాం. గోడమీది పెట్టెలతో పరీక్షించాం. అన్నీ బాగున్నాయి. గురువారం తెలుగు తెరతో యాప్ బయటికి వెళ్లింది. రైతులు ఫోన్లు చేసి మరీ మెచ్చుకున్నారు. అక్షరాలు శానా బాగా కనపడతాండాయి అన్నారు. సార్ కింద షెడ్డులో అందరికీ టీ తెప్పించాడు.

అది జరిగిన నాలుగో రోజే పులివెందుల వైపు నుంచి ఫోను వచ్చింది. ఆయనకు ఆరెకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఒకటే బోరు. భార్యకు కంటి ఆపరేషనని కడపకు వచ్చి, ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోన్లో మోటారు ఆపాడు. ఆ సమయానికి ఆ ఊరి టవరు పనిచేయడం లేదు. ఆజ్ఞ పెట్టెకు చేరలేదు. తెరమీద మాత్రం పెద్ద తెలుగు అక్షరాలతో 'మోటారు ఆగింది' అని వచ్చింది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని భార్య దగ్గరికి పోయాడు. మోటారు ఇంకా నాలుగు గంటలు తిరిగింది. బోరులో నీళ్లు అడుగంటి, ఉత్తగా తిరిగి, కాలిపోయింది. నీళ్లు లేకపోతే తనంతట తానే ఆగే సదుపాయం కొత్త పెట్టెల్లో ఉంది. ఆయనది మొదట్లో చేసిన పాత పెట్టె.

సార్ పైకి వచ్చాడు. ఆయన మెట్లెక్కి మా గదికి రావడం అరుదు. ఆ అమ్మాయి అప్పటికింకా రాలేదు.

"ఏమప్పా, మొన్ననే బాగుచేసినామంటివి గదా ఇది? మళ్లీ అదే వచ్చిందే? ఎవురు మార్చినారు?"

నేను గిట్‌లో ఆ ఫైలు తెరిచాను. ఏ వరుస ఎవరు రాశారో పక్కన పేరుతో చూపించే సదుపాయం ఉంటుంది. 'ఆగింది' అని చూపించే వరుస పక్కన ఆమె పేరుంది. ఒక కోడును పాత ఫైలు నుంచి కొత్త ఫైలులోకి మారిస్తే, మార్చినవాళ్ల పేరే పడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఎనిమిదేళ్లు బెంగళూరులో అదే పని చేసినవాణ్ణి.

"కొత్త తెర ఆ పాప చేసింది సార్," అన్నాను.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే అంత సులువుగా నోటినుంచి వచ్చింది.

సార్ తల ఆడించి, "పదకొండుకు బయలుదేరదాం. ఆ పెద్దాయనకు మొగం చూపించి మాట్లాడల్ల. ఇద్దురూ రాండి," అని దిగిపోయాడు.

ఆమె పదింటికి వచ్చింది. జరిగింది చెప్పాను. సార్‌తో నేనన్న మాట చెప్పలేదు. ఆమె కుర్చీలో కూర్చుని, బ్యాగు కూడా భుజం మీదినుంచి దించకుండా వెతకడం మొదలుపెట్టింది. అరగంటలో నన్ను పిలిచింది.

"అన్నా, ఒక్క నిమిషం చూడండి. పోయిన రిలీజు బ్రాంచులో మీరు చేసిన ఫిక్స్ ఉండాది. మెయిన్‌లో లేదు. నేను తీసేసింది కాదన్నా. అది ఈడికి రానే రాలేదు."

తెరమీద రెండు బ్రాంచ్‌ల చరిత్ర పక్కపక్కన పెట్టింది. ఒక దాంట్లో నా సవరణ ఉంది. రెండో దాంట్లో లేదు. చిన్నపిల్లలకైనా అర్థమయ్యేటట్టు ఉంది.

"వచ్చినాక చూద్దాంలే," అన్నాను. "సార్ కిందే కారు కాడ నిలబడుకోనుండాడు."

ఆమె నావైపు చూసింది. ల్యాప్‌టాప్ మూసి లేచింది.

ముద్దనూరు మీదుగా పోయాం. సార్ కారు నడిపాడు. నేను ముందు సీట్లో, ఆమె వెనక. దారి పొడుగునా సార్ మోటార్ల గురించి, ఈసారి నీళ్లెంత లోతుకు పోయాయో ఆ సంగతి మాట్లాడుతూనే ఉన్నాడు. చెప్పడానికి నాకు గంటకు పైగా సమయం ఉంది. ఇప్పుడు చెబుదాం, ఈ మలుపు దాటాక చెబుదాం అనుకుంటూ కూర్చున్నాను. వెనక ఆమె నేను చెబుతానని కాచుకుని ఉందేమో. నాకు తెలియదు. తర్వాత కూడా అడగలేకపోయాను.

పెద్దాయన తోట గట్టున రేకుల కొట్టం ముందు మంచం వాల్చుకుని ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి. మమ్మల్ని చూసి లేచి, లోపలినుంచి నీళ్ల చెంబు తెచ్చిచ్చాడు. కోపంగా ఉంటాడనుకుని వచ్చాం. ఆయన తోటనే చూస్తూ మాట్లాడాడు.

"మోటరు కాలేది కొత్తేం కాదప్పా మాకు. అయితే మోటరు పైకి తీసే బండోళ్లు ఇప్పుడు దొరకరు. పది దినాలు కానీ రామంటాండారు. చెట్లు పిందె మీదుండాయి. ఈ ఎండకు నీళ్లు తప్పితే నిలుస్తాయా?"

"మోటరు మేమిస్తాం పెద్దాయనా. బండి గురించి నేను మాట్లాడతా," అన్నాడు సార్.

"ఇస్తారులే. నేనడిగేది అది కాదు. నేను ఫోన్లో చూస్తి గదా. ఆగింది అని తెలుగులోనే చూపిచ్చె. అంతకు ముందు ఇంగ్లీషులో ఉన్నెప్పుడు నాకు నమ్మకం ఉండేది కాదు, పక్క తోటాయనకు ఫోన్ జేసి కనుక్కునేవాణ్ణి. తెలుగులో వచ్చినాక నమ్మితి."

సార్ గొంతు సవరించుకున్నాడు. "ఈ పాపే పెద్దాయనా ఆ స్క్రీను మార్చింది. చిన్నపిల్ల. తెలీక జరిగింది. ఇంకోసారి కాకుండా చూసుకుంటాం."

ఆయన ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు జేసినావామ్మా?"

ఆమె నావైపు చూసింది. ఒక్క క్షణం. నేను నీళ్ల చెంబును మంచం కోడు పక్కన పెట్టడానికి వంగాను. చెంబును పెట్టడానికి అంత వంగనక్కర్లేదు.

"మా యాప్ తప్పేనయ్యా," అంది ఆమె. "ఆగకముందే ఆగింది అని చూపిచ్చింది. అట్ల చూపిచ్చగూడదు. రెండు దినాల్లో సరిజేస్తాం."

నేను అని అనలేదు. అన్న అనీ అనలేదు. యాప్ అంది.

"సరేలేమ్మా. చదువుకున్నోళ్లు. చూసి చెయ్యండి," అన్నాడాయన. వచ్చేటప్పుడు ఆమె చేతిలో పోయిన కాపువి నాలుగు చీనీకాయలు పెట్టాడు. కారులో వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ప్రొద్దుటూరు దాకా కిటికీలోంచే చూసింది.

మరుసటి రోజు మధ్యాహ్నానికి ఆమె నుంచి రివ్యూకు ఒక పని వచ్చింది. నా సవరణను కొత్త తెరకు సరిపోయేటట్టు చేసి మెయిన్‌లోకి తెచ్చింది. దానితోపాటు ఒక పరీక్ష కూడా రాసింది. పెట్టె జవాబివ్వకపోతే తెర 'ఆగింది' అని చూపించకూడదు, చూపిస్తే ఆ పరీక్ష పట్టుకుని విడుదలను ఆపేస్తుంది. సవరణతోపాటు ఆ రోజే నేను రాయాల్సిన పరీక్ష అది. వివరణలో, పోయిన విడుదల బ్రాంచ్‌లో చేసిన సవరణ మెయిన్‌కు రాలేదు, ఇప్పుడు తెస్తున్నాను అని మాత్రమే రాసింది. ఎవరు తేలేదో రాయలేదు. కింద ఇంకో ముక్క రాసింది. ఇకమీదట ఏ తప్పునైనా ముందు మెయిన్‌లో దిద్ది, అక్కడినుంచే విడుదల బ్రాంచ్‌కు ఎత్తి పెడదామా, అట్లయితే మరిచినా తర్వాతి విడుదలలో పోదు కదా అని. అది సరైన పద్ధతి. పెద్ద పెద్ద టీములు పాటించేదే. నాకు తెలిసిందే.

ఈసారి ప్రతి వరుసా చదివాను. ఒక్క తప్పూ లేదు. ఆమోదించాను.

సార్‌తో చెప్పాలని ఆ వారమంతా అనుకున్నాను. రెండు వారాల పద్ధతిలో ఒక చిక్కుంది. ఎప్పుడూ ఏదో ఒక విడుదల దగ్గర్లోనే ఉంటుంది. ఇది అయ్యాక చెబుదాం అనుకుంటే అది అయ్యేలోపు ఇంకొకటి మొదలవుతుంది. ఈలోపల సార్ ఆమెతో మాట్లాడే తీరు మారింది. పైకి వచ్చినప్పుడు, "ఆ పాప చేసేది నువ్వొకసారి చూడప్పా," అని నాతో అనేవాడు, ఆమె వినేటట్టే. ఆమె తలెత్తేది కాదు. ప్రశ్నలు అడగడం కూడా తగ్గించింది. నా పని రివ్యూ చేస్తే 'సరే' అని రాసేది. నేను ఆమెకు 'బాగుంది' అని రాసినట్టే.

రెండు విడుదలల తర్వాత రాజీనామా ఇచ్చింది. కడపలో ఇంకో కంపెనీలో చేరుతానంది. ఆగమని అడిగాను.

"ఆడ టీములో ఐదుగురు ఉండారన్నా," అంది. "నేను రాసేది ఎవురన్నా చదువుతారని."

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే, మామూలుగా అంది. అందుకే ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు.

ఆమె పోయిన వారం తర్వాత, ఆమె చేసిన పనులన్నీ ఒక పట్టిక రాద్దామని గిట్‌లో పాత రివ్యూలు తెరిచాను. ఆ పన్నెండు వందల వరుసల పని కూడా తెరిచాను. సగం దాటాక, ఒక వరుస పక్కన ఆమె నాకు రాసిన ప్రశ్న ఉంది. రివ్యూకు పెట్టిన మొదటి రోజే రాసింది.

'అన్నా, పెట్టె జవాబు ఇవ్వకముందే ఆగింది అని చూపిస్తున్నాం. సిగ్నల్ లేకపోతే ఎట్లా? పాత ఫైల్లో ఇట్లే ఉంది కాబట్టి మార్చలేదు. కావాలనే పెట్టినారా? మార్చమంటే మారుస్తా.'

కింద జవాబు లేదు. అంతకు కిందికి పోతే, పేజీ చివర, నా 'బాగుంది'.

వల్లూరు రైతు ఫోన్ చేయడానికి పదిహేడు రోజుల ముందు రాసిన మాట అది. పులివెందుల తోటలో సార్ ఆమెను చూపించినప్పుడు, ఆ ప్రశ్న తను అడిగానని ఆమెకు తెలుసు. నేను జవాబివ్వలేదనీ తెలుసు. ఆ పెద్దాయన ముందు కానీ, కారులో కానీ, తర్వాత రెండు నెలల్లో కానీ, ఒక్కసారి కూడా దాన్ని బయటికి తీయలేదు. నేను చదివి ఉంటానని, చదివి కూడా వదిలేశానని అనుకుందేమో. అట్లా అనుకుని ఉంటే అది ఇంకా ఘోరం. చదవలేదని తెలిసి ఉంటే, అదీ అంతకంటే మేలేమీ కాదు.

ఆ మధ్యాహ్నమే కిందికి దిగి సార్‌కు అంతా చెప్పాను. ఆయన ఒక పెట్టె మూత బిగిస్తున్నాడు. చివరి మర బిగించి లేచాడు.

"ఆ పొద్దు కారులో నా పక్కనే కూచోనుంటివి గదప్పా. ఆ పొద్దే చెప్పింటే నేనా మాట అందునా ఆ పిల్లను? ఇప్పుడు నాకు చెప్తే ఏమొస్తాది? పోయి ఆ పాపకు చెప్పు. ఆ పెద్దాయనకు చెప్పు."

ఆ సాయంత్రం ఆమెకు ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను, సార్‌తో నేనన్న మొదటి మాటతో సహా. ఆమె ప్రొద్దుటూరులో ఇంటి దగ్గరే ఉన్నట్టుంది. ఎవరో పిల్లల గొంతులు, కుట్టు మిషను చప్పుడు వినపడ్డాయి.

"నాకు తెలుసన్నా," అంది. "సార్ అట్ల మాట్లాడినప్పుడే అనుకున్నా, మీరేదో చెప్పింటారని."

"నీ ప్రశ్న నేను చదవలేదు. చదివుంటే ఇదంతా జరిగేది కాదు."

"ఊఁ. చదివి వదిలేసినారనుకున్నా. చదవలేదా?" అని, చిన్నగా నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంత తేలికయ్యేది. "సరేలేన్నా. ఉంటా. అమ్మ పిలుస్తాంది."

ఆదివారం ఒక్కణ్ణే పులివెందుల బస్సెక్కాను. పెద్దాయన తోటలోనే ఉన్నాడు. అప్పటికి కొత్త మోటారు పడి రెండు నెలలు దాటింది. అయినా అది పడేదాకా నీళ్లు లేని పదకొండు రోజుల ఎండకు చెట్లకింద రాలిన పిందెలు ఎండి నల్లబడి, ఇంకా అక్కడక్కడ కనిపిస్తూనే ఉన్నాయి. కొమ్మలకు కాయ పలచగా ఉంది. ఆ ఏడు కాపు సగం కూడా రాదన్నాడు.

ఆ రోజు ఆ అమ్మాయిది కాదు తప్పు, నాదని చెప్పాను. ఎట్లా జరిగిందో ఆయనకు అర్థమయ్యేటట్టు చెప్పడానికి ప్రయత్నించాను. ఒక కాపీలో దిద్ది రెండో కాపీలో దిద్దలేదని చెప్పాను. ఆయన చేతిలో కొడవలితో ఒక చెట్టు పాదులో గడ్డి తీస్తూనే విన్నాడు.

"ఆ పిల్ల అప్పుడే చెప్పకపోయెనా మరి?"

"చెప్పలేదు."

"నువ్వు పక్కనే ఉంటివి."

"ఉంటి."

ఆయన గడ్డి దులిపి పక్కన వేశాడు. బాగా ఎండగా ఉంది, నీళ్లు తాగిపొమ్మన్నాడు. తాగి వచ్చేశాను.

ఇప్పుడు నాతో ఇంకొకాయన పనిచేస్తున్నాడు. మళ్లీ ఇద్దరమే. రెండు వారాల విడుదలే. ఏ సవరణైనా ముందు మెయిన్‌లోనే. రెండు వందల వరుసలు దాటితే ముక్కలు చేసి పెట్టమంటాను. కట్టుబాటు దాటే హక్కును గిట్‌లో తీసేశాను, నాకు కూడా లేదు. ఆయన రాసిన ప్రతి వరుసా చదువుతాను. ప్రశ్న అడిగితే ఆ రోజే జవాబు రాస్తాను. మీరు శానా ఓపికగా చూస్తారే అని మొన్న ఆయనన్నాడు. నేను తర్వాతి వరుస చదవడం మొదలుపెట్టాను.